రిఫండ్ ఎక్కడికి తీసుకోవాలి: కార్డుకా, స్టోర్ క్రెడిట్‌గానా, వాలెట్‌లోకా?

రిటర్న్ పెట్టేటప్పుడు చివరి స్క్రీన్‌లో ఒక ప్రశ్న వస్తుంది: డబ్బు ఎక్కడికి పంపాలి? మీరు చెల్లించిన కార్డుకో ఖాతాకో తిరిగి పంపడం ఒకటి, స్టోర్ క్రెడిట్ ఒకటి, వాలెట్ ఒకటి. వాలెట్ పక్కన "వెంటనే" అని ఉంటుంది. కార్డు పక్కన "5 నుంచి 7 పనిదినాలు" అని ఉంటుంది. చాలామంది ఆ రెండు మాటలు చూసి నొక్కేస్తారు.

ఆ తర్వాత మొదలయ్యే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాలెట్‌లో పడిన డబ్బు బ్యాంకుకి ఎలా తెచ్చుకోవాలి? స్టోర్ క్రెడిట్ గడువు దాటింది, ఇక పోయినట్టేనా? రిఫండ్ ఇచ్చేశామని అమ్మకందారు అంటున్నాడు, బ్యాంకు మాత్రం రాలేదంటోంది, ఎవరిని నమ్మాలి?

వీటిలో చాలావరకు ఆ బటన్ నొక్కే ముందే తేలిపోవాల్సినవి. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం నొక్కే ముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

## 1. మూడు దారులూ అసలు ఏమిటి

చెల్లించిన మార్గానికే తిరిగి. డబ్బు ఏ దారిన వెళ్లిందో ఆ దారినే వెనక్కి వస్తుంది. కార్డుతో కట్టి ఉంటే అమ్మకందారు, అతని బ్యాంకు, కార్డు నెట్‌వర్క్, మీ బ్యాంకు, ఇలా నలుగురి చేతులు మారి మీ దగ్గరకు చేరుతుంది. ఆలస్యానికి కారణం ఈ ప్రయాణమే. వచ్చాక మాత్రం అది మీ డబ్బు. గడువు ఉండదు, ఎక్కడ ఖర్చు పెట్టాలన్న షరతూ ఉండదు.

స్టోర్ క్రెడిట్. ఇందులో డబ్బు కదలదు. అమ్మకందారు తన పుస్తకాల్లో "ఈ కస్టమర్‌కి ఇంత బాకీ ఉన్నాం" అని రాసుకుని మీకు ఒక కోడ్ ఇస్తాడు, లేదా మీ అకౌంట్‌లో ఒక అంకె చూపిస్తాడు. అందుకే అంత వేగం. ఆ బాకీని అదే దుకాణంలో, అతని షరతుల మీదే తీర్చుకోవాలి.

వాలెట్ బ్యాలెన్స్. గందరగోళమంతా దీని దగ్గరే, ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేరు వేరు వస్తువులు తిరుగుతున్నాయి. అమ్మకందారు యాప్‌లోనే ఉండే వాలెట్ ఒక రకం. అందులోంచి బ్యాంకుకి పంపుకునే వీలు లేకపోతే, పేరు ఏదైనా అది స్టోర్ క్రెడిటే. రెండోది పేమెంట్ కంపెనీ నడిపే వాలెట్. దాన్ని చాలాచోట్ల వాడుకోవచ్చు. చాలావాటిలో గుర్తింపు ధృవీకరణ పూర్తయి ఉంటే బ్యాంకు ఖాతాకి కూడా పంపుకోవచ్చు. కొన్నిసార్లు దానికి రుసుమో రోజువారీ పరిమితో ఉంటుంది.

మీ వాలెట్ ఏ రకమో తెలుసుకోవడం తేలికే. రిఫండ్ అడగక ముందే వాలెట్ పేజీ తెరిచి, బ్యాంకుకి పంపే ఆప్షన్ ఉందో లేదో చూడండి. ఉంటే అది ఏ బ్యాలెన్స్‌కి పనిచేస్తుందో కూడా చూడండి. ఒకే వాలెట్‌లో మీరు వేసిన డబ్బు, రిఫండ్‌గా వచ్చింది, గిఫ్ట్ కార్డు నుంచి వచ్చింది, ఆఫర్ కింద ఇచ్చింది వేరువేరు అరల్లో ఉండొచ్చు. పైన కనిపించే మొత్తం ఒకటే అంకె అయినా, ఒక్కో అరకు గడువూ షరతులూ వేరుగా ఉంటాయి.

## 2. "వెంటనే" అంటే ఎప్పటి నుంచి వెంటనే?

రిఫండ్‌లో ఒకదాని తర్వాత ఒకటి మూడు ఘట్టాలు నడుస్తాయి. మొదటిది వస్తువు మీ చేతిలోంచి గోదాముకు చేరడం. రెండోది అక్కడ దాన్ని తెరిచి, పరీక్షించి, రిఫండ్‌కి ఒప్పుకోవడం. మూడోది డబ్బు మీ కార్డుకో ఖాతాకో చేరడం.

వాలెట్, స్టోర్ క్రెడిట్ తగ్గించేది ఈ మూడో ఘట్టాన్ని మాత్రమే. మొదటి రెండింటికీ పట్టే సమయం ఎలాగూ పడుతుంది. కొరియర్ తీసుకెళ్లగానే వాలెట్‌లో వేసే అమ్మకందారులు కొందరున్నారు. వాళ్ల దగ్గర తేడా నిజంగానే పెద్దది. మిగతావాళ్ల దగ్గర "వెంటనే" అంటే "పరీక్ష అయిన వెంటనే".

ఒక మామూలు రిటర్న్‌ని రోజుల్లో వేసి చూద్దాం. 1వ రోజు కొరియర్‌కి ఇచ్చారు. 5వ రోజు గోదాముకు చేరింది. 7వ రోజు పరీక్ష అయింది. వాలెట్ ఎంచుకుంటే 7వ రోజే డబ్బు కనిపిస్తుంది. కార్డు ఎంచుకుంటే అదే రోజు రిఫండ్ మొదలై, బ్యాంకు దాన్ని ఖాతాలో వేసేసరికి సుమారు 14 నుంచి 18వ రోజు అవుతుంది. స్క్రీన్ మీద "వెంటనే"కీ వారానికీ మధ్య పోటీలా కనిపించినది నిజానికి 7 రోజులకీ 14 రోజులకీ మధ్య తేడా. ఆ ఏడు రోజుల కోసం ఏం వదులుకుంటున్నారన్నదే అసలు లెక్క.

ఇంకో చిన్న విషయం. "పనిదినాలు" అంటే సెలవులూ వారాంతాలూ తీసేసి లెక్కపెట్టాలి. వారం చివర మొదలైన రిఫండ్‌కి 5 పనిదినాలంటే క్యాలెండర్‌లో దాదాపు 7 రోజులు. మధ్యలో బ్యాంకు సెలవు వస్తే ఇంకొకటి కలపండి. రాలేదని టెన్షన్ పడేవాళ్లలో చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది.

ఆర్డర్ ఇంకా బయల్దేరక ముందే రద్దు చేస్తే కథ వేరు. కొందరు అమ్మకందారులు ఆర్డర్ పెట్టగానే డబ్బు తీసుకోరు. మీ కార్డు మీద ఆ మొత్తాన్ని పట్టి ఉంచమని బ్యాంకుకి చెబుతారంతే. ఆ దశలో రద్దయితే రిఫండ్ అనేదే జరగదు, పట్టి ఉంచిన మొత్తాన్ని బ్యాంకు వదిలేస్తుంది. అది కొన్ని గంటల్లో జరగొచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు. స్టేట్‌మెంట్‌లో కొత్తగా జమ అయిన లైన్ ఏదీ రాదు. పెండింగ్‌లో ఉన్న పాత లైన్ మాయమవుతుంది. జమ కోసం వెతుకుతూ కూర్చుంటే దొరకదు.

## 3. రిటర్న్ పెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఇది పది నిమిషాల పని. తర్వాత గొడవ వస్తే మీ చేతిలో ఉండేవి ఇవే.

- ఆర్డర్ రసీదు. అందులో వస్తువు వారీగా ధర, కూపన్ తగ్గింపు, ఏ మార్గంలో ఎంత చెల్లించారన్నది విడివిడిగా కనిపించాలి.
- చెల్లించిన కార్డు ఇంకా పనిచేస్తోందా? మూసేశారా, గడువు తీరి కొత్తది వచ్చిందా?
- కార్డు బిల్లు తేదీ, కట్టాల్సిన చివరి తేదీ.
- రిటర్న్ పాలసీ పేజీ స్క్రీన్‌షాట్, తేదీ కనిపించేలా. ఆ పేజీ తర్వాత మారొచ్చు.
- స్టోర్ క్రెడిట్ లేదా వాలెట్ గడువు, దేనికి వాడకూడదు, ఒక్కసారికే పనిచేస్తుందా లేక మిగిలింది ఉంటుందా.
- కొరియర్‌కి ఇచ్చిన రుజువు, ట్రాకింగ్ నంబర్.

ఫోన్ తాకించి చెల్లించినవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అలా కట్టినప్పుడు దుకాణానికి వెళ్లేది మీ కార్డు అసలు నంబర్ కాదు, ఆ ఫోన్ కోసం తయారైన ప్రత్యేక నంబర్. అందుకే రసీదు మీద చివరి నాలుగు అంకెలు మీ కార్డు అంకెలతో కలవవు. "ఇది నా కార్డు కాదు" అని కంగారు పడక్కర్లేదు. రిఫండ్ ఆ నంబర్‌కి వెళ్లినా వెనకున్న మీ కార్డుకే చేరుతుంది. దుకాణానికి వెళ్లి రిటర్న్ ఇస్తున్నట్టయితే చెల్లించిన ఫోన్ వెంట తీసుకెళ్లండి, దాన్ని మళ్లీ తాకించమని అడగొచ్చు.

## 4. ఎంచుకునేటప్పుడు ఈ క్రమంలో ఆలోచించండి

మొదటి ప్రశ్న: ఆ డబ్బు అసలు ఎవరిది?

డెబిట్ కార్డుతోనో ఖాతా నుంచో కట్టి ఉంటే మీ డబ్బే బయటకు వెళ్లింది. తిరిగి వచ్చేవరకు మీ చేతిలో అంత తక్కువ. ఇలాంటప్పుడు వేగానికి విలువ ఉంది.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే వెళ్లింది బ్యాంకు డబ్బు. ఇక్కడ స్టోర్ క్రెడిట్ తీసుకుంటే వస్తువు చేతిలో ఉండదు, కార్డు బిల్లు మాత్రం అలాగే ఉంటుంది. ఆ బిల్లు మీరు జేబులోంచి కట్టాలి. స్టోర్ క్రెడిట్‌తో కార్డు బిల్లు కట్టలేరు కదా. వాయిదాల మీద కొన్నవాటికి ఇది మరీ ముఖ్యం. స్టోర్ క్రెడిట్ తీసుకుంటే వాయిదాలు ఆగవు, వడ్డీ పడేదైతే వడ్డీ కూడా ఆగదు. వాయిదాల కొనుగోలుకు రిఫండ్‌ని చెల్లించిన మార్గానికే అడగడం తప్ప నేను వేరే సలహా ఇవ్వను. అది వచ్చాక కూడా వాయిదా రద్దయిందో లేదో బ్యాంకుని విడిగా అడగండి. కొన్ని బ్యాంకుల్లో రిఫండ్ ఖాతాలో జమవుతుంది కానీ మీరు చెప్పేదాకా వాయిదా నడుస్తూనే ఉంటుంది.

రెండో ప్రశ్న: అక్కడే మళ్లీ కొనేది ఖాయమా?

"ఎప్పుడో ఒకప్పుడు కొంటాంలే" అన్నది ఖాయం కిందకి రాదు. ఏ వస్తువు, ఎంతకు, గడువులోపు కొంటారా అన్న మూడింటికీ జవాబుంటేనే స్టోర్ క్రెడిట్ గురించి ఆలోచించండి. అదే వస్తువు వేరే సైజులో కావాలనుకుంటే, అది స్టాక్‌లో ఉంటే, స్టోర్ క్రెడిట్ నిజంగా మంచి దారి. కార్డుకి డబ్బు వచ్చేలోపు ఆ సైజు అయిపోవచ్చు.

మూడో ప్రశ్న: అదనంగా ఏమైనా ఇస్తున్నారా?

స్టోర్ క్రెడిట్ తీసుకుంటే 10 శాతం ఎక్కువ ఇస్తామనే ఆఫర్లు ఉంటాయి. ఆ అదనపు భాగానికి గడువు వేరుగా ఉందేమో చూడండి. అసలు ఏడాది ఉండి, అదనం 30 రోజుల్లో పోయేలా పెట్టినవి ఉండొచ్చు. కనీస కొనుగోలు మొత్తం ఎంత, తగ్గింపు ధరల మీద పనిచేస్తుందా, స్టోర్ క్రెడిట్‌తో కొన్న వస్తువు మళ్లీ రిటర్న్ ఇస్తే ఏమవుతుంది అన్నవీ చూడాలి. ఆ చివరి ప్రశ్నకు సాధారణంగా జవాబు: మళ్లీ స్టోర్ క్రెడిటే వస్తుంది. ఒకసారి ఆ గేటులోకి వెళ్లిన డబ్బు నగదుగా బయటకు రావడం అరుదు.

నాలుగో ప్రశ్న: అమ్మకందారు మీద నమ్మకం ఉందా?

స్టోర్ క్రెడిట్ అంటే మీరు అతనికి అప్పిచ్చినట్టే. దుకాణం మూతపడితే మీరు హామీ లేని అప్పులవాళ్ల వరుసలో, అంటే దాదాపు చివర నిలబడతారు. డెలివరీలు ఆలస్యమవుతూ, ఫోన్లు ఎత్తడం మానేసి, అదే సమయంలో స్టోర్ క్రెడిట్‌కి ఒక్కసారిగా పెద్ద అదనం ఇస్తున్న చోట కార్డుకే అడగండి.

కార్డుతో కట్టినవాళ్లకు ఇంకో రక్షణ కూడా ఉంది. రిఫండ్ ఇస్తానని ఇవ్వకపోతే మీ బ్యాంకు ద్వారా డిస్ప్యూట్ పెట్టొచ్చు. మీరే ఒప్పుకుని స్టోర్ క్రెడిట్ తీసుకున్నాక ఆ వాదన బలహీనపడుతుంది. అమ్మకందారు తాను ఇవ్వాల్సింది ఇచ్చేశానని చూపిస్తాడు.

## 5. ఒక ఆర్డర్‌ని పూర్తిగా లెక్కేసి చూద్దాం

అసలు తికమక రెండు మార్గాల్లో చెల్లించి, కూపన్ వాడి, సగం మాత్రమే రిటర్న్ ఇచ్చినప్పుడు వస్తుంది. అంకెలు మాత్రమే చూడండి, కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే.

ఒక జాకెట్ 4,000, బూట్లు 2,000. మొత్తం 6,000. కూపన్‌తో 10 శాతం తగ్గి 5,400 అయింది. అందులో 1,000 గిఫ్ట్ కార్డుతో, మిగతా 4,400 క్రెడిట్ కార్డుతో కట్టారు. ఇప్పుడు జాకెట్ వెనక్కి ఇస్తున్నారు.

మొదట, ఎంత రావాలి? 4,000 కాదు. కూపన్ తగ్గింపు రెండు వస్తువుల మీదా పంచారు కాబట్టి జాకెట్‌కి మీరు కట్టింది 3,600. రిఫండ్ కూడా అంతే.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ కూపన్‌కి "కనీసం 5,000 కొనుగోలు" అనే షరతు ఉందనుకోండి. జాకెట్ తీసేస్తే మీ దగ్గర మిగిలింది 2,000 వస్తువే. కొందరు అమ్మకందారులు అప్పుడు కూపన్‌నే వెనక్కి తీసుకుంటారు. బూట్లకు పూర్తి ధర 2,000 పట్టుకుని, కట్టిన 5,400లోంచి మిగతా 3,400 ఇస్తారు. 200 ఎక్కడ పోయిందని వెతికేవాళ్లకు సమాధానం చాలాసార్లు ఇదే. పాలసీలో ఈ మాట లేకపోతే అడగండి, ఉంటే వాదించి లాభం లేదు.

తర్వాత, ఏ దారికి ఎంత? 3,600 రావాలని ఖాయమైంది. దాన్ని పంచే పద్ధతులు మూడు కనిపిస్తాయి.

- ముందు కార్డుకి: కార్డుతో 4,400 కట్టారు కాబట్టి 3,600 మొత్తం కార్డుకే వస్తుంది. మీకు ఇదే మేలు.
- ముందు గిఫ్ట్ కార్డుకి: 1,000 గిఫ్ట్ బ్యాలెన్స్‌గా, 2,600 కార్డుకి.
- దామాషా ప్రకారం: మొత్తంలో గిఫ్ట్ కార్డు వాటా 5,400లో 1,000. ఆ లెక్కన 666.67 గిఫ్ట్ బ్యాలెన్స్‌గా, 2,933.33 కార్డుకి.

మీరు "చెల్లించిన మార్గానికే" అని నొక్కినా, గిఫ్ట్ కార్డు భాగం గిఫ్ట్ బ్యాలెన్స్‌గానే వస్తుంది. అది మోసం కాదు, ఆ భాగానికి అదే అసలు మార్గం. అందుకే కార్డుకి 2,933.33 మాత్రమే వస్తే తక్కువ పడిందని ఫిర్యాదు పెట్టే ముందు వాలెట్ పేజీ తెరిచి మిగతాది అక్కడుందేమో చూడండి.

ఇప్పుడు ఆఫర్. మొత్తం స్టోర్ క్రెడిట్‌గా తీసుకుంటే 10 శాతం అదనం, అంటే 3,960 ఇస్తామన్నారు. 360 లాభంలా ఉంది. కానీ కార్డు బిల్లులో 4,400 అలాగే ఉంది, దాన్ని కట్టాలి. ఆ 3,960 పూర్తిగా వాడకుండా 500 మిగిలిపోయి గడువు దాటితే చేతికి దక్కింది 3,460, కార్డుకి తీసుకుంటే వచ్చేదానికన్నా 140 తక్కువ. అంటే 360కి మించి వాడకుండా వదిలేస్తే ఆ ఆఫర్ మీకు నష్టం. ఎక్కడ తీసుకున్నా ఈ చిన్న తీసివేత చేసి చూడండి: అదనంగా ఇచ్చేదానికన్నా మిగిలిపోయేది ఎక్కువగా ఉండబోతోందా?

చివరగా, బిల్లు తేదీ. కార్డు బిల్లు 10వ తేదీన వచ్చింది, కట్టాల్సిన చివరి తేదీ 30, రిఫండ్ పడింది 14న. ఎలాగూ 3,600 వచ్చేసింది కదా, అంత తగ్గించి కడదామనిపిస్తుంది. బ్యాంకుని అడక్కుండా అలా చేయకండి. కొన్ని బ్యాంకుల్లో దుకాణం నుంచి వచ్చిన రిఫండ్‌ని మీరు కట్టిన చెల్లింపుగా, ముఖ్యంగా కనీస మొత్తం కింద, లెక్కించరు. బిల్లులో ఉన్నంతా కట్టేయడమే క్షేమం. కార్డులో ఎక్కువగా ఉన్న మొత్తం తర్వాతి బిల్లులో సర్దుబాటవుతుంది, కావాలంటే ఖాతాకి పంపమని కూడా అడగొచ్చు.

## 6. రిఫండ్ మొదలైందన్నారు, రాలేదు: ఏ క్రమంలో వెతకాలి

1. అమ్మకందారు పంపిన మెసేజ్‌ని మళ్లీ చదవండి. "రిటర్న్ అందింది", "రిఫండ్ ఆమోదించాం", "రిఫండ్ పంపాం" మూడూ వేరు. లెక్కపెట్టాల్సింది మూడోదాని నుంచి.
2. అతను చెప్పిన దారి ఏదో చూడండి. కార్డుకి అనుకున్నది వాలెట్‌కి వెళ్లి ఉండొచ్చు.
3. కార్డు స్టేట్‌మెంట్‌ని కొన్న తేదీ నుంచి చూడండి. కొన్ని బ్యాంకులు రిఫండ్‌ని కొత్త తేదీతో కాక పాత లావాదేవీ పక్కన చూపిస్తాయి. పేరు కూడా దుకాణం పేరులా కాకుండా దాని వెనకున్న కంపెనీ పేరుతో రావొచ్చు.
4. చెప్పిన పనిదినాలు దాటితే అమ్మకందారుని ఏఆర్ఎన్ అడగండి.

ఏఆర్ఎన్ అంటే ఒక్కో కార్డు లావాదేవీకి అమ్మకందారు బ్యాంకు వైపు నుంచి వచ్చే 23 అంకెల నంబర్. రిఫండ్‌కి కూడా ఒకటి ఉంటుంది. పంపిన రోజే రాకపోవచ్చు, ఒకట్రెండు రోజుల్లో తయారవుతుంది. దాన్ని మీ బ్యాంకుకి ఇస్తే ఆ రిఫండ్ ఎక్కడ ఆగిందో వాళ్లు వెతకగలరు. అది లేకుండా ఫోన్ చేస్తే "మా దగ్గర ఏమీ కనిపించడం లేదు, దుకాణాన్ని అడగండి" అనే జవాబు వస్తుంది, దుకాణం మళ్లీ బ్యాంకునే అడగమంటుంది. ఇద్దరి మధ్య తిరగడం ఆగేది ఈ నంబర్‌తోనే.

అమ్మకందారు ఏఆర్ఎన్ ఇవ్వలేకపోతున్నాడంటే రెండు అర్థాలు ఉండొచ్చు. రిఫండ్ నిజంగా పంపలేదు, లేదా డబ్బు తీసుకోక ముందే రద్దయింది కాబట్టి పంపాల్సిన అవసరమే రాలేదు. పెండింగ్ లైన్ మాయమైందా అన్నది చూస్తే రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.

అమ్మకందారుకి ఇలా రాస్తే చాలు:

"ఆర్డర్ నంబర్ ఇది, ఫలానా తేదీన రిఫండ్ పంపామని మెసేజ్ వచ్చింది. మొత్తం ఎంతో, ఏ మార్గానికి ఎంత పంపారో విడివిడిగా చెప్పండి. కార్డుకి పంపిన భాగానికి ఏఆర్ఎన్ ఇవ్వండి."

మార్గం వారీగా చెప్పమని అడగడం ముఖ్యం. మొత్తం అడిగితే మొత్తమే చెబుతారు.

## 7. తరచూ జరిగే తప్పులు, బయటపడే దారి

అడక్కుండానే వాలెట్‌లో వేశారు. ముందు చేయాల్సిన పని ఏమిటంటే, అందులోంచి ఏమీ ఖర్చు పెట్టకపోవడం. కొంచెం వాడినా మీరు ఒప్పుకున్నట్టు లెక్కేసే అవకాశం ఉంది. వెంటనే, రాతపూర్వకంగా, చెల్లించిన మార్గానికి మార్చమని అడగండి. ముందుగానే టిక్ పెట్టి ఉన్న ఆప్షన్‌ని మీరు గమనించకపోయి ఉంటే ఆ విషయమూ రాయండి. బ్యాలెన్స్ ముట్టుకోకుండా ఉంటే వెనక్కి తీసి మళ్లీ పంపడం వాళ్లకీ తేలిక.

చెల్లించిన కార్డు మారిపోయింది. గడువు తీరి అదే బ్యాంకు కొత్త కార్డు ఇస్తే మామూలుగా సమస్య ఉండదు. పాత నంబర్‌కి వచ్చింది మీ ఖాతాకే చేరుతుంది. ఖాతానే మూసేసి ఉంటే బ్యాంకు ఆ డబ్బును మీకు వేరే దారిలో పంపొచ్చు, లేదా అమ్మకందారుకి తిప్పి పంపొచ్చు. రిటర్న్ పెట్టేముందే అమ్మకందారుకి చెప్పడం మేలు. ఎవరైనా వేరే కార్డు నంబర్ మెసేజ్‌లో పంపమంటే పంపకండి. దానికి అధికారిక పేజీ ఉండాలి.

బహుమతిగా వచ్చినది తిరిగి ఇచ్చారు. చెల్లించిన మార్గం ఎంచుకుంటే డబ్బు బహుమతి ఇచ్చినవాళ్లకి వెళ్తుంది, వాళ్లకి మెసేజ్ కూడా వెళ్లొచ్చు. మీకు దక్కాలంటే స్టోర్ క్రెడిట్ తప్ప దారి ఉండదు. స్టోర్ క్రెడిట్ నిస్సందేహంగా నెగ్గే సందర్భం ఇదొక్కటే.

వేరే కరెన్సీలో కొన్నది. రిఫండ్ వచ్చిన రోజు మారకపు రేటు కొన్ననాటిది కాకపోవచ్చు. అమ్మకందారు పూర్తి మొత్తం పంపినా మీ ఖాతాలో కాస్త ఎక్కువో తక్కువో కనిపిస్తుంది. కొన్నప్పుడు బ్యాంకు వేసిన మార్పిడి రుసుము తిరిగి రావాలని లేదు. అమ్మకందారు కరెన్సీలో సరిపోయిందా అన్నదే చూడండి.

స్టోర్ క్రెడిట్ గడువు దాటింది. ఒకసారి మర్యాదగా అడిగి చూడండి. గడువు దాటి కొద్ది రోజులే అయితే పొడిగించే దుకాణాలున్నాయి. కొన్నిచోట్ల గిఫ్ట్ కార్డుల గడువు మీద చట్టపరమైన నియమాలుంటాయి, కానీ రిటర్న్‌కి ఇచ్చిన క్రెడిట్‌కి అవి వర్తించాలని లేదు. కోడ్ వచ్చిన రోజే ఫోన్ క్యాలెండర్‌లో గడువుకి రెండు వారాల ముందు గుర్తు పెట్టుకుంటే ఈ అవస్థ రాదు.

తొందరపడి డిస్ప్యూట్ పెట్టారు. రిఫండ్ దారిలో ఉండగా బ్యాంకులో డిస్ప్యూట్ కూడా పెడితే ఒకే డబ్బు రెండుసార్లు రావొచ్చు. తర్వాత బ్యాంకు ఒకదాన్ని వెనక్కి తీసుకుంటుంది, కొందరు అమ్మకందారులు అకౌంట్‌నే ఆపేస్తారు. అలాగని మరీ ఆలస్యం చేసినా ప్రమాదమే. పెద్ద కార్డు నెట్‌వర్క్‌ల నిబంధనల్లో చాలా రకాల డిస్ప్యూట్లకు గడువు 120 రోజులు, ఏ రోజు నుంచి లెక్కించాలన్నది ఫిర్యాదు రకాన్ని బట్టి మారుతుంది. చెప్పిన పనిదినాలు దాటాక ఏఆర్ఎన్ అడగండి. వారంలో జవాబు రాకపోతే రసీదు, రిటర్న్ రుజువు, రిఫండ్ ఒప్పుకున్న మెసేజ్ మూడూ పట్టుకుని బ్యాంకుకి వెళ్లండి. డిస్ప్యూట్ నడుస్తుండగా అమ్మకందారు డబ్బు పంపితే ఆ రోజే బ్యాంకుకి చెప్పి దాన్ని మూయించండి.